డెఫ్ బకెట్టా, పంపు డిస్పెన్సరా, యార్డులో ట్యాంకా: చిత్తూరు, తిరుపతి వాహన యజమానులు ఎలా తేల్చుకోవాలి

బీఎస్-6 లారీ కొన్న ప్రతి యజమానికీ డీజిల్ పద్దు పక్కన ఇంకో పద్దు మొదలవుతుంది. డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్ అనే ఆ ద్రవాన్ని డ్రైవర్లు డెఫ్ అంటారు, కొందరు యాడ్‌బ్లూ అంటారు, పాతవాళ్లు ఇప్పటికీ యూరియా అనే అడుగుతారు. అది నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, 67.5 పాళ్లు లవణాలు తీసేసిన నీరు. ఇంతకు మించి అందులో ఏమీ లేదు, ఏమీ ఉండకూడదు కూడా. ఇంత సాదా సరుకు కాబట్టే దాన్ని ఎక్కడ కొన్నా ఒకటే అనుకుంటారు. చవకగా దొరికే చోట కొనమని మేనేజరుకు చెప్పి వదిలేస్తారు. ఎంపికలో మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది. మన ప్రాంతంలో డెఫ్ కొనేవారు లీటరు ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరు. కొన్న డెఫ్ లారీ ట్యాంకులోకి వెళ్లేలోపు ఎన్ని రోజులు, ఎంత ఎండలో, ఎవరి చేతుల మీదుగా నిల్వ ఉంటుంది?

ఆ ప్రశ్న ఎందుకో అర్థం కావాలంటే లారీ కింద ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. ఇంజిన్ సిలిండర్‌లో మంట బాగా వేడెక్కినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఎగ్జాస్ట్ గొట్టంలో డెఫ్‌ను సన్నటి తుంపరగా చల్లితే ఆ వేడికి నీరు ఆవిరై, యూరియా విడిపోయి అమ్మోనియా తయారవుతుంది. తరువాత వచ్చే ఉత్ప్రేరకం డబ్బాలో అమ్మోనియా ఆ ఆక్సైడ్లతో కలుస్తుంది. చివరికి మిగిలేవి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి. ఈ పని మొదలవాలంటే ఎగ్జాస్ట్ సుమారు 200 డిగ్రీలకు చేరాలి. అంతకంటే చల్లగా ఉంటే కంప్యూటర్ డెఫ్‌ను చల్లదు. చల్లితే యూరియా పూర్తిగా విడిపోక గొట్టం గోడలకు తెల్లటి గట్టి పెచ్చుగా అంటుకుంటుంది.

ఉత్ప్రేరకం డబ్బా లోపల తేనెపట్టు లాంటి సన్నని రంధ్రాలు ఉంటాయి. డెఫ్‌లో యూరియా, నీరు తప్ప ఏది వచ్చినా ఆవిరై బయటికి పోదు, ఆ రంధ్రాల గోడల మీదే ఉండిపోతుంది. అందుకే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22241 అంత కఠినంగా ఉంటుంది. కాల్షియం, ఇనుము, సోడియం లాంటివి ఒక్కొక్కటి కిలోకు అర మిల్లీగ్రాము మించకూడదు. రాగి, జింకు అయితే 0.2 మిల్లీగ్రాములే. ఇంత తక్కువ మోతాదుల దగ్గర ఒక మురికి గరాటు చాలు, మంచి సరుకును పాడు చేయడానికి.

ఒక లెక్క వేసుకుందాం

చిత్తూరులో అయిదు లారీలున్న యజమానిని అనుకుందాం. మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నై రేవుకు, తిరుగు కిరాయి దొరికితే బెంగళూరు వైపు. ఒక్కో లారీ నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుంది. అంటే లారీకి 1,500 లీటర్లు, అయిదింటికి 7,500 లీటర్ల డీజిల్. డెఫ్ వాడకం డీజిల్‌లో సుమారు 5 శాతం అనుకుంటే నెలకు 375 లీటర్లు, లారీకి 75 లీటర్లు.

ధరలు ఊరూరా, నెలనెలా మారుతుంటాయి కాబట్టి లెక్క కోసం మాత్రమే కొన్ని అంకెలు తీసుకుంటున్నాను, మీ దగ్గరి ధరలు వాటి స్థానంలో వేసుకోండి. సీలు వేసిన 20 లీటర్ల బకెట్‌లో లీటరు 65 రూపాయలు, పెట్రోలు బంకులో డిస్పెన్సర్ దగ్గర 55, వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు యార్డుకు తెప్పించుకుంటే 48 అనుకుందాం. బకెట్ నుంచి బంకు డిస్పెన్సర్‌కు మారితే నెలకు 3,750 రూపాయలు మిగులుతాయి. యార్డు ట్యాంకుకు మారితే 6,375 రూపాయలు. కాగితం మీద ట్యాంకుదే గెలుపు.

అయితే 375 లీటర్ల చొప్పున వాడితే వెయ్యి లీటర్లు అయిపోవడానికి 80 రోజులు పడుతుంది. ఇప్పుడు డెఫ్ నిల్వ లెక్క చూడండి. ఎప్పుడూ 25 డిగ్రీలు మించని చోట ఏడాదిన్నర నిలుస్తుంది. 30 డిగ్రీలయితే ఏడాది. 35 అయితే ఆరు నెలలు. 35 దాటితే ప్రమాణం గడువే చెప్పదు, వాడేముందు ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించుకోమంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో నీడలోనే 40 దాటుతుంది. రేకుల షెడ్డు కింద ఎంతుంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ వేడిలో యూరియా కొద్దికొద్దిగా విడిపోయి అమ్మోనియాగా మారుతుంది. మూత తీయగానే ఘాటు వాసన గుప్పుమంటే అదే కారణం. 80 రోజుల్లోనే అంతా పాడైపోతుందని నేను అనను. కానీ ఆ ట్యాంకు మీ దగ్గరికి రాకముందు పంపిణీదారు గోడౌన్‌లో ఎన్నాళ్లు ఎండిందో మీకు తెలియదు. అందుకే బిల్లుపై ధర కంటే ముందు బకెట్ మీదో ట్యాంకు మీదో ఉన్న తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూడాలి. తేదీ లేని సరుకు ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇక దాని వెంట వచ్చే ఇతర ఖర్చులు. ట్యాంకుకు మోటారు పంపు, గొట్టం, నాజిల్ కావాలి. ఇవి స్టెయిన్‌లెస్ స్టీలు లేదా తగిన ప్లాస్టిక్‌వి అయి ఉండాలి. ఇత్తడి వాల్వు, రాగి గొట్టం, జింకు పూత ఇనుము ఏదైనా మధ్యలో వస్తే డెఫ్ దాన్ని తినేసి ఆ లోహాన్ని నేరుగా ఉత్ప్రేరకానికి చేరవేస్తుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఇత్తడి కాక్ బిగించి, ఏడాది తరువాత ఉత్ప్రేరకం డబ్బా ఎందుకు పోయిందని అడిగేవాళ్లున్నారు. పైగా యార్డులో తాళం ఎవరి దగ్గర, ఎవరు పోస్తున్నారు, పుస్తకంలో ఎవరు రాస్తున్నారు అనే ప్రశ్నలు ఉండనే ఉంటాయి.

నా లెక్కలో అయిదు లారీల యజమానికి యార్డు ట్యాంకు ఇంకా తొందరే. బంకు డిస్పెన్సర్ కంటే ట్యాంకు వల్ల అదనంగా మిగిలేది నెలకు 2,625 రూపాయలు, అందులోనే పంపు, నీడ, మనిషి అన్నీ రావాలి. వాడకం నెలకు వెయ్యి లీటర్లు దాటితే, అంటే ఇలాంటి లారీలు పద్నాలుగో పదిహేనో ఉంటే, ట్యాంకు నెలలోపే ఖాళీ అవుతుంది కాబట్టి అప్పుడు ఆ మాట వేరు. మధ్యలో ఉన్నవాళ్లు ట్యాంకు బదులు 200 లీటర్ల డ్రమ్ము ఆలోచించవచ్చు, కనీసం ఎండాకాలంలో అయినా. అయిదు లారీల ఇంటికి అది పదహారు రోజుల సరుకు.

బంకు డిస్పెన్సర్: ఏ బంకు అన్నదే అసలు ప్రశ్న

డిస్పెన్సర్ ఎంచుకుంటే లీటరు ధరతో పాటు ఆ బంకులో రోజూ ఎన్ని లారీలు డెఫ్ పోయించుకుంటాయో చూడండి. చెన్నై-బెంగళూరు రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు ఆగే బంకులో సరుకు తిరిగిపోతూ ఉంటుంది. ఊరి లోపల బోర్డు మాత్రమే ఉన్న బంకులో అదే సరుకు నెలల తరబడి నిలిచి ఉండవచ్చు. డిస్పెన్సర్ నాజిల్ మామూలు డీజిల్ నాజిల్ కంటే సన్నగా, 19 మిల్లీమీటర్లు ఉంటుంది. లారీ డెఫ్ ట్యాంకు నీలం మూత కింద మూతి కూడా అందుకు తగ్గట్టే చిన్నది. డీజిల్ నాజిల్ అందులో దూరకుండా చేసిన ఏర్పాటు ఇది.

కొన్ని చోట్ల డిస్పెన్సర్ ఉండదు, మూత తీసిన డ్రమ్ములోంచి మగ్గుతో తోడి, ఇంజిన్ ఆయిల్ పోసే గరాటుతోనే పోస్తారు. అక్కడ కొనకండి. ఒక్క చుక్క నూనె పడినా డెఫ్ పంపు లోపలి రబ్బరు భాగాలు ఉబ్బుతాయి, డెఫ్ సెన్సర్లు తప్పు చెబుతాయి. డ్రైవరుకు ఇది గట్టిగా చెప్పండి. నా అభిప్రాయంలో సీలు వేసిన బకెట్ విలువంతా ఇక్కడే ఉంది. దారిలో మంచి డిస్పెన్సర్ దొరకనప్పుడు వాడుకోవడానికి ప్రతి లారీలో ఒక సీలు బకెట్, దానితో వచ్చిన గొట్టమే ఉండాలి. ఆ బకెట్ కూడా క్యాబిన్ పైన ఎండలో కాకుండా లోపల నీడలో ఉండాలి, అయిపోయినప్పుడు కొత్తది రావాలి. ఖాళీ బకెట్‌లో నీళ్లు పట్టుకుని, తరువాత అదే బకెట్‌లో డెఫ్ నింపించుకోవడం మాన్పించండి.

డీజిల్ ట్యాంకులో డెఫ్ పోసేసిన కేసులు కూడా వర్క్‌షాపులకు వస్తుంటాయి. డెఫ్ డీజిల్ కంటే బరువైనది కాబట్టి అడుగున చేరుతుంది, ఇంజిన్ పీల్చుకునేది కూడా అడుగు నుంచే. అలా జరిగితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, తాళం కూడా తిప్పకుండా, ట్యాంకు దించి కడిగించాలి. స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్ల ఖర్చు తప్పదు.

సొంతంగా కలుపుకుంటే?

ఈ మాట ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఏదో ఒక రోజు వస్తుంది, ఎందుకంటే లెక్క నోరూరిస్తుంది. 45 కిలోల సబ్సిడీ యూరియా బస్తా సుమారు 270 రూపాయలు. దానికి 93 కిలోల నీరు కలిపితే దాదాపు 127 లీటర్ల ద్రావణం వస్తుంది. లీటరుకు ముడిసరుకు ఖర్చు రెండు రూపాయల పైచిలుకు.

ముందు చట్టం సంగతి. రైతు కోసం సబ్సిడీ ఇచ్చిన యూరియాను ఇతర పనులకు మళ్లించడం నేరం, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద కేసు అవుతుంది. అది పక్కన పెట్టినా సరుకు పనికిరాదు. ఎరువు యూరియాకు వేప నూనె పూత ఉంటుంది, ఆ నూనె ఎక్కడికి వెళ్తుందో పైన చెప్పాను. రెండోది బైయురెట్ అనే పదార్థం. ఎరువు యూరియాలో అది 1.5 శాతం దాకా ఉండవచ్చు, పంటకు పరవాలేదు. 32.5 శాతం ద్రావణంలోకి వచ్చేసరికి అది 0.49 శాతం అవుతుంది. డెఫ్‌లో గరిష్ఠంగా ఉండవలసింది 0.3 శాతమే. గొట్టం గోడల మీద గట్టి పెచ్చులు కట్టే పదార్థాల్లో అదొకటి.

నీటి సంగతి ఇంకా దారుణం. లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న బోరు నీరు మన వైపు వింతేమీ కాదు, వంటింటి గిన్నెల అడుగున తెల్లటి పొర చూస్తూనే ఉన్నాం. ఆ నీటితో కలిపిన డెఫ్‌లో కిలోకు 54 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంటే హద్దుకు నూరు రెట్లకు పైనే. నెలకు 75 లీటర్లు పోసే లారీ ఉత్ప్రేరకంలోకి నెలకు నాలుగు గ్రాముల పైచిలుకు, ఏడాదికి యాభై గ్రాముల పైన కాల్షియం వెళ్తుంది. అది అక్కడే ఉండిపోతుంది. ఇంట్లో వాడే ఆర్ఓ యంత్రం నీరు పోస్తామంటారు కొందరు. ఆర్ఓ చాలావరకు తగ్గిస్తుంది గాని అర మిల్లీగ్రాము దాకా తీసుకురాదు. అందుకు లవణాలన్నీ తీసేసే రెజిన్ గొట్టాలతో పాటు నీటి విద్యుద్వాహకతను కొలిచే మీటరు కావాలి.

శుద్ధ యూరియా, రెజిన్ నీరు, కలిపే యంత్రం అన్నీ పెట్టి చిన్న ప్లాంటు నడపడం తప్పు కాదు, అలా నడిపేవాళ్లు ఉన్నారు. కానీ ప్రతి బ్యాచ్‌నూ ల్యాబ్‌లో లోహాల కోసం పరీక్షించకపోతే అది డెఫ్ అని నమ్మడం మీ నమ్మకం మాత్రమే. అయిదు లారీల వాడకానికి ఆ పరీక్ష ఖర్చే గిట్టుబాటు కాదు.

పరికరం ఏది చెబుతుంది, ఏది చెప్పదు

నేను చిన్న యజమానులకు కొనమని చెప్పే పరికరం ఒక్కటే, డెఫ్ స్కేలు ఉన్న చేతి రిఫ్రాక్టోమీటర్. గాజు మీద చుక్క వేసి వెలుతురు వైపు చూస్తే యూరియా శాతం కనిపిస్తుంది. 31.8 నుంచి 33.2 మధ్య ఉంటే సరే. నీళ్లు కలిపితే 28, 29 చూపిస్తుంది. మూత సరిగా లేక నీరు ఆవిరైపోతే 34, 35 చూపిస్తుంది. దీని హద్దు కూడా తెలుసుకోవాలి. పరికరం శాతాన్నే చూస్తుంది, శుద్ధిని చూడదు. ఎరువు యూరియాను బోరు నీటితో సరిగ్గా తూచి కలిపితే అది కూడా 32.5 అనే చూపిస్తుంది. బీఎస్-6 లారీ ట్యాంకులోని నాణ్యత సెన్సరు పరిస్థితీ ఎక్కువగా ఇంతే, నీళ్లు కలిపితే పట్టుకుంటుంది, కాల్షియం కలిస్తే పట్టుకోదు. అందుకే పరీక్ష కంటే సరుకు ఎక్కడి నుంచి వచ్చిందనేది ముఖ్యం.

పరికరం చెప్పనిది పద్దు చెబుతుంది. లారీవారీగా డీజిల్, డెఫ్ లీటర్లు ఒకే పేజీలో రాసి నెలకోసారి భాగించండి. మన ఉదాహరణలో నాలుగు లారీలు 5 శాతం దగ్గర ఉండి అయిదోది 2.5కు పడిపోయిందనుకోండి. ఆ లారీ ఒక్కసారిగా పొదుపరి కాలేదు. ఇంజెక్టర్ నోట్లో యూరియా గడ్డకట్టి సగం మూసుకుపోయి ఉండవచ్చు, ఫిల్టరు నిండిపోయి ఉండవచ్చు, లేదా డ్రైవరు బిల్లు లేకుండా ఎక్కడో పోయించుకుంటూ ఉండవచ్చు. శాతం 8కి ఎగబాకితే కారుతున్న గొట్టం వెతకండి, ఎండిన చోట తెల్లటి ఉప్పులా పట్టి ఉంటుంది. నీళ్లు కలిపిన సరుకు వల్ల కూడా వాడకం పెరగవచ్చు. ఎగ్జాస్ట్ దగ్గర అమ్మోనియా ఘాటు వస్తుంటే మోతాదు మించుతోందని గాని ఉత్ప్రేరకం అలసిపోయిందని గాని అర్థం.

పోల్చేటప్పుడు ఒకే దారి మీద తిరిగే లారీలనే పోల్చాలి. పలమనేరు వైపు మొగిలి ఘాటు లోడుతో ఎక్కే లారీ ఎగ్జాస్ట్ బాగా వేడిగా ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎక్కువ పుడతాయి, డెఫ్ గట్టిగా తాగుతుంది. అదే లారీ ఖాళీగా చిత్తూరుకు దిగుతున్నప్పుడు ఇంజిన్ బ్రేకు మీద ఎగ్జాస్ట్ చల్లబడి డెఫ్ దాదాపు ఆగిపోతుంది. ఇవి రెండూ మామూలే.

తిరుపతిలో యాత్రికులను దింపి ఏసీ కోసం గంటల తరబడి ఇంజిన్ నడుపుతూ నిలిపే బస్సులకు అసలు ఇబ్బంది వేరు. వాటి ఎగ్జాస్ట్ వేడెక్కదు. పెచ్చులు కట్టడం అక్కడే ఎక్కువ. డెఫ్ మార్చి చూస్తారు, బ్రాండు మార్చి చూస్తారు, లాభం ఉండదు. ఆ బస్సును వారానికోసారైనా హైవే మీద అరగంటకు తక్కువ కాకుండా వేగంగా నడిపిస్తే లేత పెచ్చులు వేడికి కరిగిపోతాయి. గట్టిపడినవాటికి వర్క్‌షాపే గతి.

హెచ్చరిక దీపాన్ని తప్పించే పెట్టె

రహదారి పక్క ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే ఎమ్యులేటర్ కూడా ఒక ఎంపికగానే చాలామంది లెక్కేస్తారు. డెఫ్ అసలు వాడకుండానే సెన్సర్లకు అంతా బాగుందని అబద్ధం చెప్పే పెట్టె అది. డెఫ్ అయిపోతే లారీ ముందు దీపం వెలిగిస్తుంది, తరువాత శక్తి తగ్గిస్తుంది, చివరికి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగానికి దింపుతుంది, ఆ భయంతోనే కొంటారు. నిజం చెప్పాలంటే మామూలు పొగ పరీక్షలో అది దొరకదు, ఎందుకంటే డీజిల్ బండి పొగ పరీక్ష నల్లదనాన్నే కొలుస్తుంది, కంటికి కనబడని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. కానీ వాహనాన్ని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం, వారంటీ ఆ రోజుతో సరి. బీఎస్-6 భారీ ఇంజిన్‌కు నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోవాట్ గంటకు అర గ్రాములోపే. ఉత్ప్రేరకం పనిచేయకపోతే ఇంజిన్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. పెట్టె తీసేసి మళ్లీ అమ్మాలనుకున్న రోజు నెలల తరబడి ఎండి గడ్డకట్టిన డెఫ్ పంపు, ఇంజెక్టర్ మార్చక తప్పదు. మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

స్కూలు, కాలేజీ బస్సుల యజమానులకు ఒక ప్రత్యేక మాట. వేసవి సెలవుల్లో బస్సులు నెలన్నర ఎండలో నిలిచిపోతాయి. సగం ఖాళీ ట్యాంకులో నీరు ఆవిరై గోడలకు యూరియా గడ్డకడుతుంది. నిలిపేముందు ట్యాంకు దాదాపు నింపి మూత బిగించండి, వీలైతే నీడలో పెట్టండి. బడి తెరిచే వారం రిఫ్రాక్టోమీటర్‌తో చూసి, 33.2 దాటితే తోడేసి కొత్తది పోయండి. వీళ్లకు పెద్ద ట్యాంకు ఎంత మాత్రం తగదు, ఏప్రిల్‌లో అయిపోయేలా లెక్కవేసి బకెట్లే కొనుక్కోవాలి.

ఏ డెఫ్ ఎంచుకున్నా డ్రైవరు చేతిలో ఉన్నది ఒకటుంది. ఇంజిన్ ఆపాక డెఫ్ పంపు ఒకటి రెండు నిమిషాల పాటు గొట్టంలోని ద్రవాన్ని వెనక్కి లాగేసుకుంటుంది, కింద నుంచి సన్నని చప్పుడు వినిపిస్తుంది. తాళం తీసిన వెంటనే బ్యాటరీ స్విచ్చు ఆపేస్తే ఆ పని సగంలో ఆగిపోయి, మిగిలిన డెఫ్ ఇంజెక్టర్ వేడికి ఎండి గడ్డ అవుతుంది. చప్పుడు ఆగాకే స్విచ్చు తిప్పమని చెప్పండి.